జీలకర్ర, సోంపు, వాము నీళ్ళు: ఏ ఇబ్బందికి ఏది, ఎంతవరకు నమ్మొచ్చు

భోజనం అయిన కాసేపటికి వరసగా తేన్పులు వస్తే గ్యాస్ అంటాం. సాయంత్రమయ్యేసరికి పొట్ట ఉబ్బి, నడుము దగ్గర బట్టలు బిగుసుకుపోతే అదీ గ్యాసే అంటాం. ఛాతీలో మంట, గొంతులోకి పుల్లటి నీళ్ళు రావడం, వీటికీ అదే పేరు పెడతాం. అందుకే ఒకరు వాము నీళ్ళు తాగగానే హాయిగా ఉందంటే, ఇంకొకరు అవే నీళ్ళు తాగాక మంట రెట్టింపైందంటారు. ఇద్దరూ ఉన్నమాటే చెబుతున్నారు. వాళ్ళ ఇబ్బందులే వేరు. కాబట్టి జీలకర్రా, సోంపా, వామా అని అడిగేముందు మనకున్నది వీటిలో ఏ ఇబ్బందో తేల్చుకోవాలి. సగం ఎంపిక అక్కడే అయిపోతుంది.

తేన్పుగా బయటికొచ్చేది ఎక్కువగా మనం మింగిన గాలే. గబగబా తినడం, తింటూ మాట్లాడటం, చూయింగ్ గమ్ నమలడం, సోడా కలిసిన డ్రింకులు తాగడం వల్ల అది పొట్టలో చేరుతుంది. కింద నుంచి పోయే గ్యాస్ కథ వేరు. చిన్నపేగులో అరగని పిండిపదార్థాలు, చక్కెరలు పెద్దపేగుకు చేరాక అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెడుతుంది. దాంతో హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ పుడతాయి. పప్పుధాన్యాలు, చిక్కుళ్ళలో ఉండే కొన్ని చక్కెరలను అరిగించే ఎంజైమ్ మనిషి పేగులో అసలు ఉండదు. పాలు పడనివాళ్ళలో పాల చక్కెరకూ ఇదే గతి పడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు కూడా రోజుకు పది, ఇరవైసార్లు గ్యాస్ పోవడం మామూలే. అది జబ్బు కాదు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. పొట్ట ఉబ్బిందని బాధపడేవాళ్ళలో చాలామందికి లోపల గ్యాస్ మరీ ఎక్కువేమీ ఉండదు. పేగు సున్నితంగా ఉండి, మామూలు గ్యాస్‌కే నొప్పి, బిగుతు తెలుస్తాయి. లేదా పేగు కదలిక సరిగా లేక గ్యాస్ ఒకచోట నిలిచిపోతుంది. మలబద్ధకం ఉంటే ఈ రెండూ ఎక్కువవుతాయి. గింజల నీళ్ళు ఏం చేయగలవో, ఏం చేయలేవో అర్థం కావాలంటే ఈ తేడా గుర్తుంచుకోవాలి.

గింజలోంచి నీళ్ళలోకి వచ్చేది ఎంత

జీలకర్ర, సోంపు, వాము మూడూ ఒకే మొక్కల కుటుంబానికి చెందినవి. ధనియాలు, క్యారెట్ కూడా ఆ కుటుంబంలోవే. మనం గింజలనుకునేవి నిజానికి ఎండిన చిన్న చిన్న కాయలు. ఒక సోంపు గింజను వెలుతురులో పట్టి చూస్తే పొడుగునా గీతలు కనిపిస్తాయి. ఆ గీతల మధ్య పల్లాల కింద సన్నని గొట్టాల్లాంటి అరల్లో సుగంధ తైలం ఉంటుంది. జీలకర్రలోనూ వాములోనూ ఇంచుమించు ఇదే అమరిక. గింజను వేళ్ళ మధ్య గట్టిగా నలిపితే ఒక్కసారిగా వాసన వచ్చేది ఆ అరలు పగలడం వల్లే.

పని చేసేది ముఖ్యంగా ఆ తైలమే. జీలకర్రలో క్యూమినాల్డిహైడ్, సోంపులో అనెథాల్, వాములో థైమాల్ ప్రధానం. ప్రయోగశాలలో జంతువుల పేగు ముక్కల మీద వీటిని పరీక్షించినప్పుడు బిగుసుకున్న కండరం వదులైనట్టు కనిపించింది. పేగులో పట్టేసిన కండరం వదులైతే మెలిపెట్టే నొప్పి తగ్గుతుంది, ఆగిపోయిన గ్యాస్ కదులుతుంది. అన్నవాహిక కింది కవాటం కాస్త వదులైతే తేన్పు తేలిగ్గా వస్తుంది. ఇవి తాగాక కలిగే హాయికి ఇదే సమంజసమైన వివరణ.

అయితే ఈ తైలాలు నీళ్ళలో సరిగా కరగవు. పైగా వేడికి ఆవిరైపోతాయి. ఒక టీస్పూను సోంపు సుమారు రెండు గ్రాములుంటుంది. తైలం మూడు శాతం ఉందనుకుంటే ఆ చెంచాలో 60 మిల్లీగ్రాములు. అందులో కొంత భాగమే నీళ్ళలోకి దిగుతుంది. గింజల్ని నలపకుండా రాత్రంతా చల్లటి నీళ్ళలో నానబెడితే ఇంకా తక్కువ వస్తుంది. మూత లేకుండా పావుగంట మరిగిస్తే వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది కానీ, ఆ ఘుమఘుమ గ్లాసులో ఉండాల్సింది.

అందుకని ఏ గింజైనా తాగేముందు అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా దంచండి. పావు లీటరు నీళ్ళు మరిగించి, స్టవ్ కట్టేశాక దంచినది వేసి, వెంటనే మూత పెట్టి పది, పదిహేను నిమిషాలు వదిలేయండి. మూత తీసేటప్పుడు దాని లోపలి వైపు నీటి చుక్కలు అంటుకుని ఉంటాయి. వాటిని ఒకసారి వాసన చూడండి. గిన్నెలోని నీళ్ళకంటే అవే ఘాటుగా ఉంటాయి. ఆవిరైన తైలం చల్లబడి అక్కడ చేరింది మరి. ఆ చుక్కల్ని తిరిగి గిన్నెలోకే జార్చి, వడకట్టి, గోరువెచ్చగా తాగాలి.

మీ దగ్గరున్న గింజ పనికొస్తుందా లేదా అన్నది కూడా వాసనతోనే తెలుస్తుంది. అరచేతిలో నలిపినా వాసన అంతంతమాత్రంగా ఉంటే తైలం ఎప్పుడో ఎగిరిపోయిందన్నమాట. అలాంటివి రెండింతలు వేసినా లాభం లేదు. గింజల నీళ్ళకు బదులు సీసాల్లో దొరికే సుగంధ తైలాన్ని నీళ్ళలో చుక్కలు వేసుకుని తాగే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. గింజల కషాయం, శుద్ధమైన తైలం ఒకటి కాదు. తైలం నీళ్ళలో కలవక పైన తేలి నోటిని, గొంతును మండిస్తుంది. మోతాదు కూడా చేయి దాటిపోతుంది.

ఈ తైలాల్లో ఎక్కువ భాగం చిన్నపేగులోనే రక్తంలో కలిసిపోతుంది. పెద్దపేగులో పులిసే పని మీద వీటి ప్రభావం ఉంటుందని ఆశించడానికి పెద్ద ఆధారం లేదు. అంటే ఈ నీళ్ళు గ్యాస్ పుట్టకుండా ఆపలేవు. పుట్టిన గ్యాస్ వల్ల కలిగే బిగుతును, పట్టేయడాన్ని కాస్త సడలించగలవు, అంతే. పప్పు తిన్న రోజల్లా పొట్ట ఉబ్బేవాళ్ళు ఎన్ని గ్లాసులు తాగినా మర్నాడు మళ్ళీ ఉబ్బడానికి కారణం ఇదే.

సోంపు: మూడింటిలో ఎక్కువ ఆధారం ఉన్నది

మనుషుల మీద జరిగిన పరీక్షలు చూస్తే సోంపు ముందుంటుంది. అయితే ఆ పరీక్షల్లో వాడింది సోంపు నీళ్ళు కాదు, సోంపు తైలం. ఈ ఒక్క మాట చెప్పకుండా ‘పరిశోధనలు నిరూపించాయి’ అని రాసేవాళ్ళ వల్లే గందరగోళం వస్తోంది.

పెద్దవాళ్ళ విషయానికొస్తే, ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అనే పేగు సమస్య ఉన్న 121 మందికి నెల రోజులపాటు సోంపు తైలం, పసుపులోని కుర్కుమిన్ కలిపిన క్యాప్సూల్స్ ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. మందు వాడినవాళ్ళలో ఇబ్బందుల తీవ్రత సుమారు సగానికి తగ్గింది. ఉత్తుత్తి క్యాప్సూల్ వాడినవాళ్ళలో కూడా పావు వంతు తగ్గింది. రెండూ కలిపి ఇచ్చారు కాబట్టి ఆ గుణంలో సోంపు వాటా ఎంతో విడదీసి చెప్పలేం. ఉత్తుత్తి మందుకే పావు వంతు తగ్గిందన్న విషయం కూడా గమనించండి. పేగు ఇబ్బందుల్లో నమ్మకం, శ్రద్ధ, కాలం కూడా కొంత పని చేస్తాయి. అలా తగ్గడం అబద్ధమని కాదు. కానీ ‘నేను తాగాను, నాకు తగ్గింది’ అన్న అనుభవం ఒక్కటే సరైన ఆధారం కాకపోవడానికి కారణం ఇదే.

కడుపునొప్పితో గుక్కపట్టి ఏడ్చే పసిపిల్లల మీద కూడా ఒక పరీక్ష జరిగింది. 2003లో వెలువడిన ఆ పరీక్షలో 125 మంది పిల్లలున్నారు. చాలా పలచగా కలిపిన సోంపు తైలం ఇచ్చిన పిల్లల్లో 65 శాతం మందికి, ఇవ్వనివాళ్ళలో 24 శాతం మందికి ఆ ఏడుపు తగ్గింది. ఇది చదివి పసివాళ్ళకు సోంపు నీళ్ళు పట్టకండి. అక్కడ వాడింది లెక్కగట్టి కలిపిన తైలం, అదీ వైద్యుల పర్యవేక్షణలో. ఇంట్లో కాచిన నీళ్ళలో ఏది ఎంతుందో ఎవరికీ తెలియదు. పైగా ఆరు నెలలు నిండేదాకా పిల్లలకు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

సోంపు నీళ్ళ మోతాదు విషయంలో మనకు ఆధారపడదగ్గ సూచన ఒకటుంది. యూరప్‌లో మందుల నియంత్రణ చూసే యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ సోంపును ‘సంప్రదాయ వాడుక’ కింద ఒప్పుకుంది. అంటే గట్టి పరీక్షలతో రుజువైందని కాదు, చాలాకాలంగా వాడుతున్న అనుభవం ఉందని. తేలికపాటి కడుపు పట్టేయడం, ఉబ్బరం, గ్యాస్ కోసం పెద్దవాళ్ళు ఒకటిన్నర నుంచి రెండున్నర గ్రాముల దంచిన సోంపును పావు లీటరు మరిగిన నీళ్ళలో పదిహేను నిమిషాలు ఉంచి, రోజుకు మూడుసార్లు తాగొచ్చని అంటుంది. రెండు వారాలకు మించి వద్దంటుంది. నాలుగేళ్ళలోపు పిల్లలకు వద్దంటుంది.

ఈ హద్దు వెనక కారణాల్లో ఒకటి ఎస్ట్రగోల్ అనే పదార్థం. సోంపు తైలంలో ఇది కొద్దిగా ఉంటుంది. ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు ఎలుకల్లో కాలేయ కణుతులు వచ్చాయి. ఎప్పుడో ఒక గ్లాసు తాగే పెద్దవాళ్ళు దీనికి భయపడనక్కర్లేదు. కానీ ఏళ్ళ తరబడి రోజూ లీటర్ల కొద్దీ తాగడం, పసిపిల్లలకు, గర్భిణులకు కషాయంలా ఇవ్వడం మంచిది కాదు. సోంపుకు ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను పోలిన స్వల్ప ప్రభావం కూడా ఉంది. ఎక్కువకాలం సోంపు టీ తాగించిన కొందరు చిన్నపిల్లల్లో వయసుకు ముందే రొమ్ము పెరగడం వైద్య పత్రికల్లో నమోదైంది. పాలు పెరుగుతాయని రోజుకు రెండు లీటర్లకు మించి సోంపు కలిసిన హెర్బల్ టీ తాగిన బాలింతల పిల్లలు మగతగా, పాలు సరిగా తాగలేకుండా ఉన్న సందర్భాలు కూడా 1994లో నమోదయ్యాయి. టీ మానేశాక వాళ్ళు కోలుకున్నారు.

జీలకర్ర: మృదువైనది, ఆధారం పలచనిది

జీలకర్ర మీద మనుషుల్లో జరిగినవి చిన్న పరీక్షలు. ఎక్కువగా ఉదహరించేది ఇరాన్‌లో ఇరిటబుల్ బవెల్ ఉన్న 57 మందితో చేసి, 2013లో ప్రచురించినది. రెండు శాతం జీలకర్ర తైలాన్ని రోజుకు ఇరవై చుక్కల చొప్పున నాలుగు వారాలు ఇచ్చారు. పొట్ట నొప్పి, ఉబ్బరం తగ్గాయి. అయితే పోల్చి చూడటానికి ఉత్తుత్తి మందు వాడిన రెండో గుంపు అందులో లేదు. పై పరీక్షలో ఉత్తుత్తి క్యాప్సూల్‌కే పావు వంతు తగ్గిందని చూశాం కదా. అలాంటి పోలిక లేనప్పుడు ఆ తగ్గుదలలో ఎంత భాగం జీలకర్రదో చెప్పలేం. పైగా ఇక్కడ కూడా వాడింది తైలమే, నీళ్ళు కాదు.

జీలకర్ర ‘జీర్ణశక్తిని పెంచుతుంది’ అన్న మాట వెనక కొంత పరిశోధన ఉంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో ఎలుకలకు జీలకర్ర వంటి మసాలా దినుసులు తినిపించి, వాటి జీర్ణ ఎంజైమ్‌లు పెరగడం గమనించారు. మంచి పనే అది. కానీ ఎలుకలు తిన్నది ఆహారంలో కలిపిన దినుసు. వడకట్టిన నీళ్ళు కాదు. ఇంకో సంగతి, ఆరోగ్యంగా ఉన్న మనిషికి గ్యాస్ రావడానికి ఎంజైమ్‌లు తక్కువ కావడం మామూలు కారణం కాదు. పాల చక్కెర పడకపోతే తక్కువైన ఎంజైమ్ లాక్టేజ్. దాన్ని జీలకర్ర పుట్టించదు.

ఇంతకీ జీలకర్ర నీళ్ళు ఎవరికి? ఘాటు పడనివాళ్ళకు, సోంపు తియ్యదనం నచ్చనివాళ్ళకు, భోజనం తర్వాత కాస్త బరువుగా అనిపించేవాళ్ళకు ఇది సరిపోతుంది. టీస్పూను గింజలు పైన చెప్పినట్టే చేసుకోవచ్చు. బరువు తగ్గడానికి పొద్దున్నే పరగడుపున తాగాలన్న ప్రచారాన్ని మాత్రం నేను పక్కన పెట్టమంటాను. బరువు మీద జరిగిన కొద్దిపాటి పరీక్షల్లో వాడింది కూడా పొడి, క్యాప్సూల్స్ లాంటివే. పరగడుపున తాగితే గ్యాస్‌కు ఎక్కువ పని చేస్తుందనడానికి కారణమూ కనిపించదు. ఇబ్బంది భోజనం తర్వాత వస్తుంటే తాగాల్సింది కూడా భోజనం తర్వాతే.

వాము: వెంటనే తెలిసేది, వెంటనే మండేది

వాము తైలంలో థైమాల్ పాలు చాలా ఎక్కువ, సుమారు మూడో వంతు నుంచి సగం పైదాకా ఉంటుంది. నోరు పుక్కిలించే మందుల్లో వాడేదీ ఈ థైమాలే. నాలుక మీద పెట్టగానే చురుక్కుమనడం దానివల్లే. ప్రయోగశాలలో ఇది బ్యాక్టీరియాను, ఫంగస్‌ను అడ్డుకుంటుంది. దీన్ని పట్టుకుని వాము నీళ్ళు పేగులోని ‘చెడు బ్యాక్టీరియా’ను చంపేస్తాయని చెప్పేస్తుంటారు. గాజు పళ్ళెంలో పనిచేసిన మోతాదు ఒక గ్లాసు నీళ్ళతో పెద్దపేగుకు చేరుతుందని ఎవరూ చూపలేదు.

మనుషుల్లో గ్యాస్ కోసం వాము నీళ్ళను మాత్రమే తీసుకుని, ఉత్తుత్తి పానీయంతో పోల్చి చూసిన గట్టి పరీక్ష లేదు. ఉన్నవి జంతువుల పేగు ముక్కల మీద కండరం వదులైన ఫలితాలు, ఎలుకల పొట్టలో ఆమ్లం పెరిగినట్టు చూపిన ఫలితాలు. అనుభవంలో వాము త్వరగా పనిచేసినట్టు అనిపించడానికి దాని ఘాటే ఒక కారణం కావచ్చు. నోటిలో, గొంతులో, పొట్టలో ఒక్కసారిగా వెచ్చదనం పాకుతుంది, పెద్ద తేన్పు ఒకటి వస్తుంది, పైపొట్ట బరువు దిగినట్టుంటుంది. తిన్నది ఎక్కువై, తేన్పు రాక ఇబ్బంది పడుతున్నప్పుడు ఒకసారి తాగడానికి నేను వామునే ఎంచుకుంటాను.

కానీ ఆ తేన్పును తేలిక చేసే గుణమే ఎసిడిటీ ఉన్నవాళ్ళకు ముప్పు. కవాటం వదులైతే గాలితోపాటు ఆమ్లం కూడా పైకి తన్నుకొస్తుంది. ఘాటు వల్ల అప్పటికే ఒరుసుకుపోయిన అన్నవాహిక ఇంకా మండుతుంది. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు, పొట్టలో పుండు ఉన్నవాళ్ళు వాము నీళ్ళు తాగకపోవడమే మంచిది. పరగడుపున అసలే వద్దు. మిగతావాళ్ళకు కూడా అర టీస్పూను చాలు. మరీ చిక్కటి కషాయం చేస్తే హాయికి బదులు మంటే మిగులుతుంది. గర్భిణులు వంటలో పడే వాముకు భయపడనక్కర్లేదు కానీ, రోజూ కషాయంలా తాగకూడదు.

ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరిదాకా

ఆఫీసులో కూర్చుని పనిచేసే 38 ఏళ్ళ మహిళ ఉందనుకుందాం. పొద్దున పొట్ట బాగానే ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనం చేస్తే, నాలుగైదు గంటలకు బొడ్డు కింద బిగుతు, మధ్యమధ్య మెలిపెట్టే నొప్పి. తేన్పులు పెద్దగా లేవు. ఎవరో చెబితే నెల రోజులుగా పొద్దున్నే పరగడుపున వాము నీళ్ళు తాగుతోంది. సాయంత్రం ఉబ్బరం అలాగే ఉంది, కొత్తగా ఛాతీలో మంట మొదలైంది.

ఇక్కడ ఎంపిక రెండు రకాలుగా తప్పింది. ఇబ్బంది కింది పొట్టలో, భోజనమైన మూడు నాలుగు గంటలకు వస్తోంది. అంటే మింగిన గాలి కంటే పేగు సంగతి అయ్యే అవకాశమే ఎక్కువ. దానికి పైపొట్ట తేన్పు తెప్పించే వాము, అదీ ఎనిమిది గంటల ముందు తాగితే ఏం లాభం? మంట వచ్చింది కాబట్టి ముందు వాము ఆపేయాలి. తర్వాత ఒక వారం ఏమీ తాగకుండా, రోజూ నాలుగే విషయాలు రాసుకోవాలి: మధ్యాహ్నం ఏం తిన్నది, ఉబ్బరం ఎన్నింటికి మొదలైంది, సున్నా నుంచి పదిలో ఎంత ఉంది, ఆ రోజు విరేచనం అయిందా లేదా.

రెండో వారం భోజనమైన అరగంటకు ఒక గ్లాసు సోంపు నీళ్ళు, ఉబ్బరం మొదలవగానే ఇంకొకటి. మూడో వారం అవే వేళలకు ఉత్త వేడినీళ్ళు. ఈ మూడో వారాన్ని చాలామంది వదిలేస్తారు, అసలు కీలకం అదే. వేడినీళ్ళకు, నిదానంగా కూర్చుని తాగడానికి కూడా పొట్ట కొంత సడలుతుంది. సోంపు వారంలో అంకె ఆరు నుంచి నాలుగుకు వచ్చి, వేడినీళ్ళ వారంలోనూ నాలుగే ఉంటే ఆ గుణం సోంపుది కాదు. వేడినీళ్ళకు ఐదున్నర దగ్గరే ఆగిపోతే సోంపు ఆమెకు ఎంతో కొంత పనిచేస్తున్నట్టు లెక్క.

ఆమె పుస్తకంలో ఇలా తేలిందనుకుందాం: సోంపు తాగితే మెలిపెట్టే నొప్పి అరగంటలో తగ్గుతోంది, వేడినీళ్ళకు అంతగా లేదు. కానీ పొట్ట ఉబ్బు మాత్రం రెండింటికీ ఒకేలా ఉంది. మొదటి వారం రాసుకున్నది తిరగేస్తే, విరేచనం కాని రోజుల్లో అంకె ఏడు, ఎనిమిది. అయిన రోజుల్లో మూడు. అలా రెండు మూడు రోజులకోసారే అవుతోంది. అసలు కారణం మలబద్ధకమని పుస్తకమే చెబుతోంది. ఇప్పుడు నీళ్ళు, నడక, క్రమంగా పెంచుకునే పీచు, అవసరమైతే డాక్టర్ ఇచ్చే మందు, వీటి మీద దృష్టి పెట్టాలి. పీచు ఒక్కసారిగా పెంచితే మొదట్లో గ్యాస్ ఇంకా ఎక్కువవుతుంది, అందుకే క్రమంగా అన్నాను. నొప్పి వచ్చిన రోజున సోంపు నీళ్ళు తాగొచ్చు. ఆమెకు సోంపు ఉపశమనం మాత్రమే, చికిత్స వేరేచోట ఉంది.

ఇదే పుస్తకంలో ఉబ్బరం పాలు, టీ, కాఫీ తాగిన గంట, రెండు గంటలకే వస్తున్నట్టు కనిపిస్తే రెండు వారాలు పాలు మానేసి చూడాలి. పప్పుధాన్యాలు తిన్న రోజుల్లోనే వస్తుంటే వాటిని బాగా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి వండటం వల్ల పులిసే చక్కెరలు కొంత తగ్గుతాయి. వాటి మోతాదు తగ్గించడం ఇంకా నేరుగా పనిచేస్తుంది. ఏ గింజల నీళ్ళూ ఈ రెండింటికీ సాటి రావు.

మూడూ కలిపి కాచిన నీళ్ళ గురించి కూడా అడుగుతుంటారు. తాగడంలో తప్పులేదు, కానీ మొదటిసారే కలిపి తాగితే ఏది పనిచేసిందో, ఏది మంట పెట్టిందో తెలియదు. విడివిడిగా చూశాక కలుపుకోండి. ధనియాలు, క్యారెట్, సెలరీ వంటివి పడక నోరు దురదపెట్టే అలర్జీ ఉన్నవాళ్ళు ఈ మూడింటితోనూ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే కుటుంబం ఒకటే.

ఈ నీళ్ళతో కాలం గడపకూడని సందర్భాలు

కారణం లేకుండా బరువు తగ్గడం, మలంలో రక్తం లేదా తారులా నల్లటి మలం, మింగడానికి కష్టం కావడం, ఆగని వాంతులు, రక్తహీనత, నిద్రలోంచి లేపే నొప్పి, యాభై దాటాక కొత్తగా మొదలైన జీర్ణ ఇబ్బంది, వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టర్‌కు చూపించుకోవాలి. కొవ్వు ఎక్కువున్న భోజనం తర్వాత కుడివైపు పక్కటెముకల కింద గంటల తరబడి నొప్పి వస్తుంటే పిత్తాశయంలో రాళ్ళు కావచ్చు. అల్ట్రాసౌండ్‌లో తెలుస్తుంది. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి జరిగి, కదిలితే ఎక్కువయ్యే నొప్పి అపెండిక్స్ వాపు కావచ్చు. అప్పుడు ఏమీ తాగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

మహిళలు, ముఖ్యంగా యాభై దాటినవాళ్ళు, పొట్ట ఉబ్బరం వచ్చిపోతూ కాకుండా వారాల తరబడి అలాగే ఉండిపోతే, కొంచెం తినగానే కడుపు నిండిపోతుంటే, మూత్రానికి మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తుంటే దాన్ని గ్యాస్ అని వదిలేయకూడదు. అండాశయ క్యాన్సర్ ఇలాగే కనిపించవచ్చు. బ్రిటన్‌లోని వైద్య మార్గదర్శకాలు ఈ లక్షణాలు నెలలో పన్నెండుసార్లకు మించి వస్తే సీఏ-125 రక్త పరీక్ష చేయించమంటాయి.

అన్నిటికంటే ఎక్కువగా ప్రాణం మీదికి తెచ్చేది గుండెనొప్పిని గ్యాస్ అనుకోవడం. ఛాతీ మధ్యలోనో, పైపొట్టలోనో బరువు పెట్టినట్టుండి, చెమటలు పట్టి, ఆయాసం లేదా వాంతి వస్తూ, నొప్పి దవడకో, చేతికో పాకుతుంటే అది గుండెపోటు కావచ్చు. షుగర్ ఉన్నవాళ్ళలో, వయసు మళ్ళినవాళ్ళలో, ఆడవాళ్ళలో నొప్పి సరిగా లేకుండా వట్టి అజీర్తిలా, నీరసంలా కూడా రావచ్చు. వాము నీళ్ళు తాగాక పెద్ద తేన్పు వచ్చి కాస్త తేలికైనా అది గుండె కాదని తేలినట్టు కాదు. అలాంటప్పుడు గిన్నె స్టవ్ మీద పెట్టకండి, అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. ఆసుపత్రిలో ముందుగా తీయాల్సింది ఈసీజీ. అది మామూలుగా ఉన్నా నొప్పి తగ్గకపోతే మళ్ళీ తీయించి, రక్తంలో ట్రోపోనిన్ పరీక్ష కూడా చేయిస్తారు.